పంక్తి ఎక్కడ ఆగాలి, ఎక్కడ దాటాలి: వచన కవితలో రెండు పద్ధతుల పోలిక

పద్యం రాసేవారికి పాదం ఎక్కడ ముగియాలో గణాలే చెబుతాయి. వచన కవిత రాసేవారికి ఆ సాయం లేదు కాబట్టి, ప్రతి పంక్తి చివరా ఒక నిర్ణయం తీసుకోవలసి వస్తుంది: ఇక్కడ మాట ముగించి ఆగాలా, లేక వాక్యాన్ని సగంలో ఉంచి కింది పంక్తిలోకి దింపాలా? హైదరాబాదులో ఆదివారాలు కూడే ఒక చిన్న కవితా బృందంలో కొన్నేళ్లుగా చిత్తుప్రతులు చదువుతున్నాను. కొత్తవారి కవితల్లో సరిదిద్దవలసినవాటిలో ఎక్కువ భాగం ఈ ఒక్క చోటే కనిపిస్తాయి. భావం బాగుంటుంది, మాటలు బాగుంటాయి, పంక్తి మాత్రం ఆగకూడని చోట ఆగుతుంది, లేదా ఆగవలసిన చోట జారిపోతుంది.

ఈ వ్యాసంలో మొదటి రకాన్ని ఆగే పంక్తి అంటాను. అందులో పంక్తి ముగిసేసరికి వాక్యమో, వాక్యంలో ఒక పూర్తి తునకో ముగుస్తుంది. రెండోది దాటే పంక్తి. ఇంగ్లీషు విమర్శలో దీనిని ఎంజాంబ్‌మెంట్ అంటారు. ఆ మాట ఫ్రెంచి నుంచి వచ్చింది, కాలు చాచి దాటడం అని దాని అర్థం. మనం పంక్తిని పాదం అనే అంటాం కాబట్టి ఈ పోలిక తెలుగువారికి ఎవరూ విడమరచి చెప్పనక్కర లేదు.

దేన్ని బట్టి ఎంచుకోవాలి

అన్నిటికన్నా ముందు చూడవలసింది పంక్తి చివర వ్యాకరణం ఏం బాకీ ఉంది అనేది. తెలుగు వాక్యంలో క్రియ సాధారణంగా చివర వస్తుంది. దానికి ముందు వచ్చే రూపాలు ఒక్కొక్కటి ఒక్కో రకమైన బాకీని మోస్తాయి. "వాన వెలిసింది" అంటే బాకీ లేదు. "వాన వెలిసి" అంటే ఇంకో క్రియ రావాలి, కానీ కాస్త ఆలస్యంగా వచ్చినా ఫరవాలేదు. "వాన వెలిసిన" అంటే మాత్రం వెంటనే ఒక నామవాచకం రావాలి. అది వచ్చేదాకా చెవి ఊరుకోదు. ఇంగ్లీషు కవితల గురించిన పాఠాలలో చెప్పే ఉదాహరణలు మనకు అంతగా పనికిరాకపోవడానికి కారణం ఇదే. అక్కడ నామానికి ముందు వచ్చే చిన్న చిన్న మాటల దగ్గర పంక్తిని విరుస్తారు. మన విభక్తులు నామానికి వెనక అతుక్కుని ఉంటాయి కాబట్టి వాటిని అలా విడదీయడానికి వీలు లేదు.

రెండో ప్రమాణం, పంక్తి చివర ఏ మాట మిగులుతోంది అనేది. ఆ స్థానంలో ఉన్న మాట తరువాత ఖాళీ ఉంటుంది కాబట్టి దానికి కాస్త అదనపు బరువు వస్తుంది. ఆ బరువును మోయగల మాట అక్కడ ఉందా లేదా అన్నది కవి చూసుకోవాలి. మూడోది, పైనా కిందా ఉన్న పంక్తులు ఏం చేస్తున్నాయి అనేది. ఏ విరామమూ ఒంటరిగా గట్టిది కాదు, పక్కవాటితో పోల్చినప్పుడే దాని గట్టితనం తెలుస్తుంది.

| పంక్తి చివర ఉన్నది | ఉదాహరణ | వ్యాకరణం బాకీ | పైకి చదివితే |
|---|---|---|---|
| సమాపక క్రియ | వాన వెలిసింది | లేదు | గొంతు దిగి ఆగుతుంది |
| క్రియ లేని నామ వాక్యం | ఊరంతా నీళ్లు | లేదు | ఆగుతుంది, చివరి మాట నిలుస్తుంది |
| వెలిసి, వెలుస్తూ వంటి అసమాపక క్రియ | వాన వెలిసి | మరో క్రియ, తీరిగ్గా | ఊపిరి తీసుకుని సాగుతుంది |
| వెలిసిన వంటి క్రియాజన్య విశేషణం | వాన వెలిసిన | ఒక నామం, వెంటనే | ఆగనివ్వదు, కిందికి లాగుతుంది |
| విరిగిన మాట | వాన వెలి / సింది | మాటలో సగం | తడబడుతుంది |

ఈ పట్టికలో మొదటి రెండూ ఆగే పంక్తులు, చివరి రెండూ దాటే పంక్తులు. మధ్యలోది రెండూ కాదు. తెలుగులో ఆ మధ్య రకమే ఎక్కువ. అందుకే మన కవితల్లో చాలా పంక్తులు ఆగినట్టూ ఉంటాయి, సాగినట్టూ ఉంటాయి. అది సౌకర్యమే గానీ, ఒక కవితలో పంక్తులన్నీ "వచ్చి", "చూసి", "నవ్వి" అంటూ ముగిస్తే అందులో ఆగడానికీ దాటడానికీ తేడా వినిపించదు.

పద్యం నేర్పిన అలవాటు

దాటే పంక్తిని ఇటీవల పశ్చిమం నుంచి వచ్చిన ఫ్యాషన్‌గా భావించేవారు మా బృందంలోనూ ఉన్నారు. వారికి నేను పోతన కందాన్ని గుర్తుచేస్తాను.

పలికెడిది భాగవతమఁట
పలికించెడివాఁడు రామభద్రుండఁట నేఁ
బలికిన భవహరమగునఁట

మొదటి పాదం "అట"తో చక్కగా ఆగింది. రెండో పాదంలోనూ "రామభద్రుండఁట" దగ్గర వాక్యం ముగిసింది, కానీ పాదం ముగియలేదు. అక్కడ "నేఁ" అనే ఒక్క అక్షరం మిగిలి, మూడో పాదంలోని "పలికిన"తో కలిసిపోయింది. ఎంతగా కలిసిందంటే, "నేన్" చివరి నకారం పాదం హద్దును దాటి వచ్చి "పలికిన"ను "బలికిన"గా మార్చింది. సరళాదేశ సంధి పాదాల మధ్య జరిగిందంటే, ఆ చోట గొంతు ఆగదని వ్యాకరణమే సాక్ష్యం చెబుతున్నట్టు. కందంలో రెండో పాదం చివరి అక్షరం గురువు కావాలన్న నియమాన్ని ఆ "నేఁ" తీరుస్తోంది. అయితే నియమం తీరడంతో పాటు మరొకటి కూడా జరిగింది: పలికించేవాడి పేరు వచ్చిన పాదం అంచున, పలికేవాడు చిన్న గురువుగా నిలబడ్డాడు. వృత్తాలలోనైతే మాట మధ్యలోనే పాదం ముగియడం మామూలు విషయం.

పద్యం నుంచి వచ్చినవారు ఇక్కడ ఒక తేడాను గుర్తుంచుకోవాలి. పద్యంలో పాదం ముగిసిందని చెవికి చెప్పడానికి గణాలు, ప్రాస ఉన్నాయి. పై కందంలో "పలికెడిది", "పలికించెడి", "బలికిన" అంటూ రెండో అక్షరంగా లకారం తిరిగి రాగానే కొత్త పాదం మొదలైందని వినేవారికి తెలిసిపోతుంది. అందువల్ల అర్థం పాదం దాటినా పాదం పాదంగానే ఉంటుంది. వచన కవితలో ఆ ఆసరా లేదు. అక్కడ మాటను విరిచి కింది పంక్తిలోకి తోస్తే, పైకి చదివినప్పుడు పంక్తి అనేదే మాయమవుతుంది. పద్యంలో హాయిగా చెల్లే దాటు, వచన కవితలో చెల్లని సందర్భాలు అందుకే ఉంటాయి.

ఒకే విషయం, మూడు రాతలు

1908 సెప్టెంబరు 28న మూసీకి వచ్చిన వరదలో ఇప్పటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉన్న ఒక చింతచెట్టు మీదికి ఎక్కి సుమారు 150 మంది బతికారని నగరంలో చెప్పుకుంటారు. మా బృందంలోని ఒక యువ కవయిత్రి ఆ చెట్టు మీద కవిత రాసుకొచ్చింది. మొదటి రాత ఇది.

మూసీ పొంగింది.
వీధులు మునిగాయి.
జనం చింతచెట్టు ఎక్కారు.
చాలాసేపు కొమ్మల మీదే ఉన్నారు.
నీళ్లు తీశాయి.
చెట్టు ఇంకా ఉంది.

"గట్టిగా ఉండాలని ప్రతి పంక్తినీ ఆపాను సార్" అంది. ఆపింది నిజమే, కానీ గట్టిదనం రాలేదు. కారణం పంక్తుల చివర వరసగా చూస్తే తెలుస్తుంది: పొంగింది, మునిగాయి, ఎక్కారు, ఉన్నారు, తీశాయి, ఉంది. ఆరు పంక్తుల చివర్లలోనూ వినిపించేవి కాలాన్నీ, పురుషనూ, వచనాన్నీ చెప్పే ప్రత్యయాలే. మాట్లాడేటప్పుడు మనం వాటిని ఒత్తి పలకము, మింగుతాము. అంటే పంక్తిలో అన్నిటికన్నా బరువు దొరికే చోట, భాషలో అన్నిటికన్నా తేలికైన అక్షరాలు వచ్చి కూర్చున్నాయి. తెలుగులో సమాపక క్రియతో ఆగే పంక్తికి ఉన్న సహజమైన ఇబ్బంది ఇదే. ఒక్కటి వస్తే వినిపించదు; ఆరు వరసగా వస్తే పంచాంగ శ్రవణంలా ఉంటుంది. ఆ పైన, అన్నీ ఒకే గట్టిదనంతో ఆగడం వల్ల నీళ్లు తీయడానికీ ఊరు మునగడానికీ ఒకే విలువ వచ్చింది.

వారం తరువాత ఆమె తెచ్చిన రెండో రాత పూర్తిగా అటువైపు ఒరిగింది.

మూసీ పొంగి వీధులు
మునిగిన వేళ జనం ఎక్కిన
చింతచెట్టు చాలాసేపు
కొమ్మల మీద వాళ్లను
మోసి నీళ్లు తీశాక
ఇంకా ఉంది

ఇందులో వేగం వచ్చింది. వరదకు వేగం అవసరమే. రెండో పంక్తి చివరి "ఎక్కిన" దగ్గర నిజంగానే కాలు కొమ్మ కోసం వెతుకుతున్నట్టు ఉంటుంది. మూడో పంక్తిలో "చింతచెట్టు" తగలగానే ఆనుకోవడానికి ఏదో దొరికినట్టవుతుంది. దాటే పంక్తి చేయవలసిన పని అక్కడ చేసింది. మిగిలిన చోట్ల మాత్రం విరవడానికి కారణం కనిపించదు. "వీధులు" తరువాత ఎందుకు విరిచావని అడిగితే, పంక్తులు ఇంచుమించు ఒకే పొడవు ఉండాలని విరిచానని చెప్పింది. కంటికి కుదిరింది, చెవికి కుదరలేదు.

కుదిరిందో లేదో తెలుసుకోవడానికి మా దగ్గర ఒక పరీక్ష ఉంది. కవితను కాగితం చూపించకుండా ఇంకొకరికి చదివి వినిపించాలి. పంక్తి ముగిసిందనిపించిన చోటల్లా వినేవారు కాగితం మీద ఆ చివరి మాట రాసుకోవాలి. ఈ రెండో రాతను విన్న మిత్రుడు రాసుకున్నవి "వేళ", "చింతచెట్టు", "మోసి", "ఉంది" అన్న నాలుగు మాటలు. కవయిత్రి విరిచిన ఆరు చోట్లలో చివరిది తప్ప ఒక్కటీ అతనికి వినిపించలేదు. వినిపించాలని లేకపోతే చింత లేదు, కాగితం కోసమే రాసే కవితలూ ఉంటాయి. కానీ ఆమె సభలో చదవాలనుకుంటోంది.

మూడో రాత ఇలా వచ్చింది.

మూసీ పొంగి వీధులు మునిగిన వేళ
చేతికందిన కొమ్మనల్లా పట్టుకుని
ఎక్కుతూ, పక్కవాళ్లను ఎక్కిస్తూ, పిల్లలను పైకి
అందిస్తూ, చూసేసరికి
ఊరంతా నీళ్లు.
నీళ్ల మీద చెట్టు.
చెట్టు నిండా మనుషులు.
కిందికి ఎవరూ చూడలేదు.

మొదటి నాలుగు పంక్తులలో సమాపక క్రియ ఒక్కటీ లేదు. "వేళ", "పట్టుకుని" దగ్గర ఊపిరి తీసుకునే చోటు ఉంది, ఆగే చోటు లేదు. మూడో పంక్తి చివర "పైకి" దగ్గర మాత్రం గట్టిగా దాటింది. పిల్లలు రెండు పంక్తుల మధ్య గాలిలో ఉన్నారు. దీని మీద మా గదిలో తగాదా జరిగింది. "పైకి" అని చెప్పి చూపును కింది పంక్తికి దించడం తప్పని ఒక పెద్దాయన అన్నారు. ఆయన చెప్పినదానిలో న్యాయం ఉంది. కానీ అందించే చేతులు కింద ఉన్నాయి కదా అని కవయిత్రి అంది. నేను ఆమె పక్షం.

ఆ తరువాత "ఊరంతా నీళ్లు" దగ్గర మొదటిసారి ఆగుతాము. మొదటి రాతలో "వీధులు మునిగాయి" అన్నప్పుడు లేని బరువు ఇక్కడ వచ్చింది, చెప్పిన విషయం ఇంచుమించు అదే అయినా. ఈ బరువుకు నాకు మూడు కారణాలు కనిపిస్తున్నాయి. నాలుగు పంక్తులుగా పెరుగుతున్న బాకీ ఒక్కసారిగా తీరింది. మొదటి మూడు పంక్తులతో పోలిస్తే పొడవు సగానికి పైగా తగ్గింది. అన్నిటికన్నా ముఖ్యంగా, క్రియ లేకపోవడం వల్ల పంక్తి చివర ప్రత్యయానికి బదులు "నీళ్లు" అనే వస్తువు మిగిలింది. ఆ వెంటనే "చెట్టు", "మనుషులు" అని మరి రెండు వస్తువులు అదే స్థానంలో వచ్చి నిలబడ్డాయి.

క్రియను తీసేయడం అన్ని చోట్లా కుదరదు. అటువంటప్పుడు మాటల వరస మార్చవచ్చు. మొదటి రాతలో చివరి పంక్తి "చెట్టు ఇంకా ఉంది" అని ఉంది. "ఉంది" మన భాషలో అతి పలచని క్రియ. దానినే "ఇంకా ఉంది చెట్టు" అంటే బరువు చెట్టు మీదికి వస్తుంది. మనం మాట్లాడేటప్పుడు "వచ్చింది వాన", "పోయింది కరెంటు" అని అంటూనే ఉంటాం కాబట్టి ఇది కృత్రిమం కాదు. అయితే ఒక కవితలో రెండుసార్లకు మించి వాడితే పాత నాటకం డైలాగులా వినిపిస్తుంది.

చివరి పంక్తి "చూడలేదు" సమాపక క్రియే అయినా బరువు తగ్గలేదు. వ్యతిరేకార్థం అందుకు కారణం. తెలుగులో "కాదు", "లేదు" వాక్యం చివర వస్తాయి. అంటే వాక్యం ఒప్పుకుంటోందా కాదంటోందా అన్నది చివరి దాకా తెలియదు. "చూశారు" చివర ఉన్న ప్రత్యయం కొత్త సంగతి చెప్పదు. "చూడలేదు" చివర ఉన్న "లేదు" వాక్యాన్నే తిప్పేస్తుంది. గట్టిగా ఆపదలచుకున్న చోట క్రియ తప్పనిసరైతే, అది వ్యతిరేక క్రియ అయినప్పుడు నిలబడుతుందని నా అనుభవం.

తెలంగాణ మాటలో ఒక మెలిక

ఇంతవరకూ చెప్పినదంతా పత్రికల తెలుగుకు వర్తిస్తుంది. హైదరాబాదులో రాసేవారిలో చాలామంది తెలంగాణ నుడికారంలో రాస్తారు. వారికి ఈ ఎంపిక ఇంకాస్త సున్నితమైనది. పత్రికల భాషలో "వచ్చిన" అంటే విశేషణం, దాని తరువాత ఒక నామం రావాలి. తెలంగాణ మాటలో "నేను వచ్చిన" అంటే "నేను వచ్చాను". రూపం ఒక్కటే. ఒకటి బాకీ ఏమీ లేని సమాపక క్రియ, మరొకటి అన్నిటికన్నా ఎక్కువగా కిందికి లాగే రూపం. పంక్తి చివర అది ఉన్నప్పుడు ఆగాలా, దాటాలా అన్నది చదివేవారు తేల్చుకోలేరు. ఉదాహరణకు ఈ రెండు పంక్తులు చూడండి.

బస్సు దిగి నడుచుకుంట నేను వచ్చిన
ఊరు గుర్తుపట్టలేదు

"వచ్చిన" దగ్గర ఆగి చదివితే: నేను వచ్చాను, ఊరు నన్ను గుర్తుపట్టలేదు. ఆగకుండా దాటితే: నేను వచ్చిన ఊరిని నేనే గుర్తుపట్టలేదు. "గుర్తుపట్టలేదు" ఏ పురుషకైనా ఒక్కటే కాబట్టి రెండో పంక్తిలో కర్త ఎవరో క్రియ చెప్పదు. "ఊరు" కర్తగా ఉన్నా కర్మగా ఉన్నా అదే రూపంలో ఉండవచ్చు కాబట్టి అదీ చెప్పదు. ఎవరు ఎవరికి పరాయివారయ్యారన్న ప్రశ్న మొత్తం ఒక పంక్తి అంచు మీద ఆధారపడి ఉంది. ఇటువంటి చోట విరామ చిహ్నం పెట్టకుండా వదిలేయడం కవికి దొరికిన వరం.

కానీ కవి ఉద్దేశించినప్పుడే అది వరం. ఒకే అర్థం కావాలనుకుని, చిహ్నాలు లేకుండా రాసే అలవాటు వల్ల రెండో అర్థం దూరిపోతే అది దోషమే. మొదటి అర్థమే కావాలంటే "వచ్చిన" తరువాత చుక్క పెట్టాలి, లేదా ఒక పంక్తి ఖాళీ వదలాలి. రెండోదే కావాలంటే "నేను వచ్చిన ఊరు" అని ఒకే పంక్తిలో ఉంచాలి. "చెప్పిన", "చూసిన", "అడిగిన" అన్నిటికీ ఇదే వర్తిస్తుంది. తెలంగాణ నుడికారంలో ఉత్తమ పురుషలో రాసిన కవితను నాకు ఎవరైనా ఇస్తే, ముందు "న" అక్షరంతో ముగిసే పంక్తులన్నిటికీ పెన్సిలుతో గీత పెట్టి, తరువాత చదవడం మొదలుపెడతాను.

ఎవరికి ఏది

సభలో చదవడానికి రాసేవారు ఆగే పంక్తులనూ, ఊపిరి తీసుకునే పంక్తులనూ ఎక్కువగా వాడటం మేలు. మైకు ముందు నిలబడ్డ మనిషికి సన్నటి దాటు వినిపించే అవకాశం తక్కువ. పైగా చదివే ఉత్సాహంలో చాలామంది ప్రతి పంక్తి చివరా గొంతు దించుతారు, దాటవలసిన చోట కూడా ఆగిపోతారు. మీకు ఆ అలవాటు ఉంటే, దాటే పంక్తులున్న కవితను వాక్యాలుగా తిరగరాసిన ప్రతిని చేతిలో పెట్టుకుని చదవడం మంచిది.

కాగితం కోసం రాసేవారికి స్వేచ్ఛ ఎక్కువ. అమెరికన్ కవయిత్రి గ్వెండొలిన్ బ్రూక్స్ 1960లో వెలువడిన తన పుస్తకంలోని ఒక ఎనిమిది పంక్తుల కవితలో, మొదటి ఏడు పంక్తుల చివరా "మేము" అన్న అర్థం వచ్చే మాటను వేలాడదీసింది. ప్రతిసారీ ఆ మాట కింది పంక్తి క్రియకు చెందుతుంది. ఎనిమిదో పంక్తి చివర ఆ మాట లేదు, చావు ప్రసక్తితో కవిత ఆగిపోతుంది. ఏడుసార్లు దాటడం వల్లనే ఎనిమిదో చోట ఆగడం అంత గట్టిగా తగులుతుంది. ఆ "మేము"ను మెల్లగా పలకాలని ఆమె చెప్పేవారు. దీనిని తెలుగులో యథాతథంగా అనుకరించబోయినవారి రాతలు రెండు మూడు చూశాను, కుదరలేదు. మన క్రియలోనే "మేము" ఉంటుంది కాబట్టి, పంక్తి చివర విడిగా పెట్టిన "మేము" అదనపు మాటగా, ఉపన్యాసంలోని ఒత్తుగా వినిపిస్తుంది. ఆ కవిత నుంచి తీసుకోవలసింది దాని లెక్క: చాలాసార్లు దాటి ఒక్కసారి ఆగడం. మనకు ఆ వేలాడే స్థానంలో సర్వనామం కన్నా "ఎక్కిన", "మునిగిన" వంటి విశేషణాలు బాగా పనిచేస్తాయి.

మాటను మధ్యలో విరిచి "లేదు"ను ఒంటరిగా కింది పంక్తిలో పెట్టడం ఇప్పుడు ఎక్కువగా కనిపిస్తోంది. "నాన్న ఎప్పుడూ అడగ / లేదు" అన్నట్టు. గట్టి విరామం కోసం చేసే ఈ పని చాలాసార్లు ఎదురు తిరుగుతుంది. "అడగ" దగ్గర ఏ తెలుగువాడి గొంతూ ఆగదు కాబట్టి, చదివేవారికి ముందు అచ్చుతప్పేమోనన్న అనుమానం వస్తుంది. అదే బరువు "నాన్న ఎప్పుడూ / అడగలేదు" అన్నా వస్తుంది, "ఎప్పుడూ" చివర నిలబడి తన వంతు పని కూడా చేస్తుంది.

ఫోనులో చదివేవారి కోసం రాసేవారికి ఒక జాగ్రత్త చెప్పాలి. సన్నని తెర మీద పొడవాటి పంక్తి తనంతట తానే విరిగి కిందికి దిగుతుంది. మూడో రాతలోని "ఎక్కుతూ, పక్కవాళ్లను ఎక్కిస్తూ, పిల్లలను పైకి" అన్న పంక్తి నా ఫోనులో "ఎక్కిస్తూ," దగ్గర విరిగింది. కవయిత్రి కోరిన "పైకి" అంచు పోయి, ఎవరూ కోరని అంచు ఒకటి వచ్చింది. అచ్చులోనూ ఇదే జరుగుతుంది. ఒకసారి నా కవితను ఒక పత్రిక సన్నని కాలమ్‌లో వేస్తూ మూడు పంక్తులను తనకు వీలైన చోట విరిచింది. దాటే చోటు ఆగినట్టు, ఆగే చోటు దాటినట్టు అచ్చయింది. అప్పటి నుంచి గట్టిగా ఆపే పంక్తులను మూడు నాలుగు మాటలకు మించనివ్వడం లేదు, పంపే ముందు నా ఫోనుకే ఒకసారి పంపుకుని చూస్తున్నాను. పొట్టి పంక్తి ఎక్కడా విరగదు కాబట్టి, ఆగే పంక్తి ఈ ప్రమాదాన్ని బాగానే తట్టుకుంటుంది. నష్టపోయేది దాటే పంక్తే.

చింతచెట్టు కవితలో ఆమె ఆ పొడవాటి పంక్తిని రెండుగా చేసింది.

ఎక్కుతూ, పక్కవాళ్లను ఎక్కిస్తూ,
పిల్లలను పైకి
అందిస్తూ, చూసేసరికి
ఊరంతా నీళ్లు.

"పిల్లలను పైకి" ఇప్పుడు పొట్టి పంక్తి అయింది. దాటు నిలిచింది, కానీ ముందున్న పంక్తులు పొట్టివి కావడంతో "ఊరంతా నీళ్లు" దగ్గర పొడవు తగ్గడం వల్ల వచ్చిన బరువు కొంత పోయింది. ఫోను కోసం ఈ రాత, కాగితం కోసం ముందరి రాత ఉంచుకోమని చెప్పాను. ఒకే కవితకు రెండు ప్రతులు ఉండటం ఆమెకు నచ్చలేదు. సభలో చదివేటప్పుడు మాత్రం "పైకి" దగ్గర చెయ్యి ఎత్తి ఒక్క క్షణం ఆగుతోంది.